అతిమధురం: రక్తపోటు, పొటాషియం, రోజువారీ వాడకం

అతిమధురం చిక్కుడు కుటుంబానికి చెందిన ఒక బహువార్షిక మొక్క వేరు. సంస్కృతంలో దీన్ని యష్టిమధుకం అనీ, హిందీలో ములేఠీ అనీ అంటారు. వృక్షశాస్త్రంలో దీని పేరు గ్లైసిరైజా గ్లాబ్రా. గ్రీకు భాషలో ఆ మొదటి మాటకు తియ్యటి వేరు అనే అర్థం. దక్షిణ ఐరోపా నుంచి మధ్య ఆసియా వరకు ఈ మొక్క సహజంగా పెరుగుతుంది. మన పచారీ కొట్లలో, మూలికల దుకాణాల్లో దొరికే పసుపుపచ్చ పుల్లల్లో ఎక్కువ భాగం ఇరాన్, అఫ్ఘానిస్తాన్ వంటి దేశాల నుంచి దిగుమతి అయినవే. కొన్నిచోట్ల గురివింద వేరును కూడా దీని బదులు అమ్ముతారు. అది వేరే మొక్క, దాని గింజలు విషం.

దగ్గుకు, గొంతు బొంగురుకు, కడుపులో మంటకు ఈ వేరును వాడటం చాలా పాత అలవాటు. చరక, సుశ్రుత సంహితలు రెంటిలోనూ యష్టిమధుకం ఉంది. కచేరీకి ముందు చిన్న ముక్క బుగ్గన పెట్టుకునే గాయకులు, దగ్గు పట్టిన పిల్లవాడికి పొడిని తేనెలో రంగరించి నాకించే అమ్మమ్మలు మనకు తెలిసినవారే. ఆ వాడకంతో ఈ వ్యాసానికి పేచీ లేదు. నాలుగు రోజుల దగ్గుకు వాడిన వేరు వేరు సంగతి, అదే వేరును రోజూ ఉదయం చెంచాడు చొప్పున నెలల తరబడి తాగడం వేరు సంగతి. ఆ రెండోది రక్తపోటును పెంచగలదు, ఒంట్లోని పొటాషియాన్ని మూత్రంలోకి పారబోయగలదు. ఈ వేరులో తీపినిచ్చే పదార్థమే ఆ రెండు పనులూ చేస్తుంది కాబట్టి, మంచి రకం వేరు కొన్నంత మాత్రాన ముప్పు తప్పదు.

ఆ పదార్థం పేరు గ్లైసిరైజిక్ ఆమ్లం. ఇది చక్కెర కంటే 30 నుంచి 50 రెట్లు తియ్యగా ఉంటుంది. ఆ తీపి నాలుకకు నెమ్మదిగా తెలుస్తుంది, చాలాసేపు పోదు. మింగిన తరువాత పేగుల్లోని సూక్ష్మజీవులు దీన్ని విడగొట్టి గ్లైసిరెటినిక్ ఆమ్లంగా మారుస్తాయి. రక్తంలోకి చేరేది ప్రధానంగా ఈ రెండోదే. కాలేయం దాన్ని పిత్తంతో కలిపి మళ్ళీ పేగులోకి పంపుతుంది, పేగు మళ్ళీ పీల్చుకుంటుంది. అందువల్ల అది ఒంట్లోంచి త్వరగా పోదు. నిన్నటి మోతాదు పూర్తిగా పోకముందే ఇవాళ్టిది వచ్చి చేరుతుంది.

డచ్చి వైద్యుడి పూతల రోగులు

ఈ వేరుకూ ఒంటి నీటికీ ఉన్న లంకె ఆధునిక వైద్యానికి తెలిసింది నెదర్లాండ్స్‌లో, 1946 ప్రాంతంలో. రెవర్స్ అనే వైద్యుడు, స్థానిక ఔషధ దుకాణంలో అమ్మే ఒక మిశ్రమం వాడిన రోగులకు కడుపులో పుండ్లు తగ్గుతున్నట్టు గమనించాడు. అందులో ముఖ్య సరుకు అతిమధురం సారం. అదే మందును తన రోగులకు ఇచ్చి చూశాడు. పుండ్లు మానాయి. కానీ సుమారు అయిదుగురిలో ఒకరికి ముఖం, కాళ్ళు ఉబ్బాయి. కొందరికి తలనొప్పి, కళ్ళు తిరగడం, ఆయాసం వచ్చాయి. మందు ఆపితే అవి తగ్గాయి.

ఒంట్లో ఉప్పు, నీరు నిలవడం అనేది అప్పటికే మరో జబ్బు చికిత్సలో వైద్యులు కోరుకునే ఫలితం. అడిసన్ వ్యాధిలో మూత్రపిండాల పైనుండే అధివృక్క గ్రంథులు దెబ్బతిని, ఒంట్లో ఉప్పు నిలవదు, రక్తపోటు పడిపోతుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో బోర్స్ట్ బృందం 1950 తరువాతి సంవత్సరాల్లో ఈ రోగులకు అతిమధురం సారం ఇచ్చి చూసింది. గ్రంథిలో కాస్తయినా ప్రాణం మిగిలిన వారికి అది చక్కగా పనిచేసింది. గ్రంథి పూర్తిగా పోయినవారికి ఏమీ చేయలేదు. వారికే కొంచెం కార్టిసోన్ కలిపి ఇస్తే మళ్ళీ పనిచేసింది.

ఇది చిన్న వివరంలా కనిపిస్తుంది, కానీ అసలు గుట్టు ఇక్కడే ఉంది. అతిమధురం తనంత తానుగా ఉప్పును నిలిపే హార్మోన్ అయితే గ్రంథి ఉన్నా లేకపోయినా పనిచేయాలి. పనిచేయలేదంటే, అది ఒంట్లో ఉన్న మరేదో హార్మోన్‌ను అడ్డుపెట్టుకుని పనిచేస్తోందన్నమాట. ఆ మరేదో ఏమిటో తేలడానికి ఇంకో దాదాపు ముప్పై అయిదేళ్ళు పట్టింది. ఈలోగా 1960లలో అతిమధురం నుంచే కార్బెనాక్సొలోన్ అనే పూతల మందు తయారై మార్కెట్లోకి వచ్చింది. పుండ్లను అదీ మాన్పింది. రక్తపోటు, కాళ్ళ వాపు, పొటాషియం పడిపోవడం కూడా వెంట తెచ్చింది.

అసలు జరిగేదేమిటి

మన ఒంట్లో ఉప్పును పట్టి ఉంచమని మూత్రపిండానికి చెప్పే హార్మోన్ ఆల్డోస్టిరోన్. మూత్రపిండపు సన్నని గొట్టాల చివరి భాగంలోని కణాల్లో దానికి తాళంలాంటి గ్రాహకం ఒకటి ఉంటుంది. ఆల్డోస్టిరోన్ అనే చెవి ఆ తాళంలో పడితే కణం సోడియాన్ని లోపలికి లాక్కుంటుంది, బదులుగా పొటాషియాన్ని మూత్రంలోకి వదులుతుంది. సోడియం వెంట నీరు నిలుస్తుంది, రక్తపోటు పెరుగుతుంది.

చిక్కేమిటంటే, కార్టిసాల్ అనే మరో హార్మోన్ కూడా అదే తాళాన్ని అంతే తేలికగా తీయగలదు. పైగా రక్తంలో కార్టిసాల్ ఆల్డోస్టిరోన్ కంటే వంద రెట్లకు పైగా ఎక్కువ. మరి మనందరికీ ఎప్పుడూ బీపీ ఎందుకు ఎక్కి కూర్చోవడం లేదు? ఆ కణాల్లో కాపలాగా ఒక ఎంజైమ్ ఉంది. దాని పేరు 11-బీటా-హెచ్‌ఎస్‌డీ-2. లోపలికి వచ్చిన కార్టిసాల్‌ను అది వెంటనే కార్టిసోన్‌గా మార్చేస్తుంది. కార్టిసోన్ పళ్ళు అరిగిన చెవి, ఆ తాళం తీయలేదు. కాబట్టి తాళం ఆల్డోస్టిరోన్‌కే మిగులుతుంది.

అతిమధురం లోని గ్లైసిరెటినిక్ ఆమ్లం ఈ కాపలా ఎంజైమ్‌ను పడగొడుతుంది. 1987లో ఎడిన్‌బరోలో స్టూవర్ట్, ఎడ్వర్డ్స్ తదితరులు దీన్ని మనుషుల్లో చూపించారు. పుట్టుకతోనే ఈ ఎంజైమ్ లోపించే అరుదైన జబ్బు ఒకటి ఉంది. అందులో పసితనంలోనే రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. రోజూ అతిమధురం తినే పెద్ద మనిషి అదే జబ్బును చేజేతులా తెచ్చుకుంటున్నాడన్నమాట. ఆమ్‌స్టర్‌డామ్ చిక్కుముడి కూడా దీంతో విడిపోయింది. గ్రంథి పోయిన రోగిలో కార్టిసాల్ లేదు, కాపలాను తప్పించినా లోపలికి వచ్చేవాడు లేడు. కార్టిసోన్ ఇస్తే కాలేయంలో అది కార్టిసాల్‌గా మారి పని జరిపించింది.

రక్తపరీక్షలో దీనికి ఒక విచిత్రమైన గుర్తు ఉంటుంది. రోగిని చూస్తే ఆల్డోస్టిరోన్ విపరీతంగా ఉన్నట్టు ఉంటుంది. కొలిస్తే మాత్రం అది అట్టడుగున ఉంటుంది, దాన్ని ప్రేరేపించే రెనిన్ కూడా అలాగే ఉంటుంది. ఉప్పు ఎక్కువైందని ఒళ్ళు ఆ రెంటినీ ఆపేసింది కదా. అధివృక్క గ్రంథిలో గడ్డ వల్ల వచ్చే బీపీలో ఆల్డోస్టిరోన్ ఎక్కువగా ఉంటుంది. ఈ రెంటినీ వేరు చేసేది ఈ తేడాయే. వైద్యులు దీన్ని మిథ్యా ఆల్డోస్టిరోనిజం అంటారు.

చెంచా లెక్క

ఎంత తింటే ముప్పు అనే ప్రశ్నకు ఒకే జవాబు లేదు. మనిషి మనిషికీ తేడా పెద్దది. అయినా అధికారిక సంఖ్య ఒకటి ఉంది. రోజూ తీసుకునేవారు గ్లైసిరైజిక్ ఆమ్లం 100 మిల్లీగ్రాములు దాటరాదని ఐరోపా సమాఖ్య ఆహార శాస్త్ర సంఘం 2003లో చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం కూడా దాదాపు అదే అంకె దగ్గర ఆగి, కొందరికి అంతకంటే తక్కువలోనూ ఇబ్బంది రావచ్చని జోడించింది.

ఆ జోడింపు ఉత్త జాగ్రత్త మాట కాదని 2024లో స్వీడన్‌లోని లింషోపింగ్ విశ్వవిద్యాలయం ప్రచురించిన అధ్యయనంలో తెలిసింది. 18 నుంచి 30 ఏళ్ళ ఆరోగ్యవంతులు 28 మంది రెండు వారాలు రోజూ 100 మిల్లీగ్రాముల గ్లైసిరైజిక్ ఆమ్లం ఉన్న మిఠాయి తిన్నారు. పై రక్తపోటు సగటున 3 పాయింట్లు పెరిగింది. రెనిన్, ఆల్డోస్టిరోన్ తగ్గాయి. సగటు చిన్నదే, కానీ కొందరి ఒళ్ళు ఇతరుల కంటే బాగా ఎక్కువగా స్పందించింది. అంతకుముందు సిగుర్యోన్స్‌డోట్టిర్ బృందం చేసిన అధ్యయనాల్లో మరో సంగతి కనిపించింది. అప్పటికే బీపీ ఉన్నవారికి, లేనివారికి ఒకే మోతాదు అతిమధురం మిఠాయి ఇస్తే, లేనివారిలో పై సంఖ్య మూడు నాలుగు పాయింట్లు పెరిగితే, ఉన్నవారిలో 15 దాకా పెరిగింది. ఈ వేరు ఎవరికి తగదో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి రుజువు తెలియదు.

ఇక మన చెంచా. ఐరోపా ఔషధ ప్రమాణాల ప్రకారం మంచి వేరులో ఈ ఆమ్లం కనీసం 4 శాతం ఉండాలి. అంతకంటే బాగా ఎక్కువ ఉండే వేళ్ళూ ఉన్నాయి. చూర్ణం ఒక చదును టీస్పూను సుమారు 2 నుంచి 3 గ్రాములు తూగుతుంది. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి అంటే 5 గ్రాములు అనుకుందాం. 4 శాతం లెక్కన 200 మిల్లీగ్రాములు. పై పరిమితికి రెట్టింపు. ఆయుర్వేద గ్రంథాల్లో చూర్ణానికి చెప్పే 2–4 గ్రాముల మోతాదు కూడా పరిమితికి చుట్టుపక్కలే పడుతుంది. ఆ మోతాదు జబ్బు ఉన్నన్నాళ్ళకు వైద్యుడు ఇచ్చేది, ఏడాది పొడుగునా తాగే టీకి చెప్పింది కాదు. జర్మన్, ఐరోపా మార్గదర్శకాలు కూడా వైద్య సలహా లేకుండా నాలుగు నుంచి ఆరు వారాలు మించి వాడవద్దంటాయి. కషాయం కాచి వడకడితే కొంత పిప్పిలో మిగిలిపోతుంది, పొడిని అలాగే తాగితే అంతా లోపలికే. బుగ్గన పెట్టి నమిలే పుల్లదీ ఇదే లెక్క, రసం మింగితే చేరేది అక్కడికే.

ఇవన్నీ పుల్ల కనిపించే వాడకాలు. కనిపించనివీ ఉన్నాయి. గొంతు బిళ్ళలు, కొన్ని దగ్గు సిరప్పులు, మూలికల టీలు, తీపి పాన్, నమిలే పొగాకు మిశ్రమాల్లో ఈ సారం కలుస్తుంది. కూర్పులో యష్టిమధు, ములేఠీ, లికోరిస్ అన్న పేర్లలో ఏది ఉన్నా ఒకటే వేరు. ఆమ్లాన్ని తీసేసిన సారంతో చేసిన మాత్రలు కూడా దొరుకుతాయి. వాటితో ఈ ఇబ్బంది లేనట్టే, కానీ ఆ సంగతి డబ్బా మీద స్పష్టంగా రాసి ఉండాలి.

ఒక కేసు, ఒక ఊహ

2020లో ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో అచ్చయిన కేసు ప్రపంచమంతా చర్చకు వచ్చింది. అమెరికాలో మసాచుసెట్స్‌కు చెందిన 54 ఏళ్ళ వ్యక్తి ఒక ఫాస్ట్‌ఫుడ్ హోటల్లో కూర్చున్నచోటే ఒరిగిపోయాడు. గుండె లయ తప్పి ఆగిపోయింది. సహాయకులు దాన్ని మళ్ళీ కొట్టించినా రెండు రోజులు గడవకముందే మరణించాడు. అతనికి రోజూ ఒకటి రెండు పెద్ద సంచుల మిఠాయి తినే అలవాటు ఉంది. మూడు వారాల ముందు వరకు అది పండ్ల రుచి ఎర్ర మిఠాయి. ఆ తరువాత నిజమైన అతిమధురం సారం ఉన్న నల్ల మిఠాయికి మారాడు. పొటాషియం బాగా తగ్గింది, దాంతో గుండె కింది గదులు లయ తప్పాయి. అలవాటు అదే, మోతాదు అదే, మారింది వేరు మాత్రమే. మూడు వారాలు సరిపోయాయి.

ఇంత తీవ్రంగా ఎక్కువమందికి జరగదు. మన ఇళ్ళల్లో జరిగేది నెమ్మదిగా జరుగుతుంది. అది ఎలా ఉంటుందో చూడటానికి ఒక ఊహాకథ. అరవై రెండేళ్ళ ఆవిడ, బీపీకి ఆమ్లోడిపిన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వేసుకుంటోంది. రెండోది నీరు లాగే మాత్ర, అది కూడా పొటాషియాన్ని మూత్రంలోకి పంపుతుంది. బీపీ 130 దగ్గర నిలకడగా ఉంది. పొడిదగ్గు తగ్గడానికి ఎవరో చెప్పగా రోజుకు రెండుసార్లు గోరువెచ్చని నీళ్ళలో చెంచాడు పొడి తాగడం మొదలుపెట్టింది. దగ్గు వారంలో పోయింది. కడుపుకు చల్లగా ఉందని పొడి మాత్రం మానలేదు. ఆ ఇంట్లో రెండు పూటలా ఆవకాయ. ఉప్పు ఎక్కువ తింటే మూత్రపిండపు గొట్టాల చివరికి సోడియం ఎక్కువగా చేరుతుంది, బదులుగా పోయే పొటాషియం కూడా పెరుగుతుంది.

మూడో వారంలో సాయంత్రానికి చీలమండల దగ్గర చెప్పు ఒత్తిన గుర్తు మానడం లేదు. అయిదో వారంలో రాత్రుళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయి, మెట్లెక్కుతుంటే తొడల్లో బలం లేదు. మలబద్ధకం, మాటిమాటికీ మూత్రం. వయసు మీదపడిందనుకుంది. బీపీ చూస్తే 162. డాక్టరు ఏం చేస్తారు? అతిమధురం సంగతి తెలియకపోతే మాత్ర మోతాదు పెంచుతారు. నీరు లాగే మాత్ర పెరిగితే పొటాషియం ఇంకా దిగుతుంది. ఈ కథలో అన్నిటికంటే భయపడాల్సిన మలుపు ఇదే, ఎందుకంటే ఇక్కడ ఎవరూ తప్పు చేసినట్టు కనిపించదు.

రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. ఆమెది 2.8 అనుకుందాం. 3కి దిగువన కండరాల నీరసం స్పష్టంగా తెలుస్తుంది. ఇంకా దిగితే కాళ్ళు చచ్చుబడటం, కండరం చితికి మూత్రం ముదురు రంగులో రావడం, గుండె లయ తప్పడం సంభవం. ఈసీజీలో టీ అలలు చదునై, వాటి వెనుక యూ అనే అదనపు అల కనిపిస్తుంది. మూత్రంలో పొటాషియం ఇంకా పోతూనే ఉంటే లోపం తిండిలో లేదు, మూత్రపిండం దగ్గర ఉందని అర్థం. రెనిన్, ఆల్డోస్టిరోన్ రెండూ తక్కువగా వస్తే, డాక్టరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే మిగులుతుంది: ఇంట్లో ఏ పొడి తాగుతున్నారమ్మా?

జపాన్‌లో ఇలాంటి విడ్డూరం ఒకటి ఉంది. అక్కడి సంప్రదాయ వైద్యంలో పిక్కలు పట్టేసినప్పుడు ఇచ్చే షకుయకు-కంజో-తో అనే మందులో అతిమధురం పాలు ఎక్కువ. ఎక్కువ రోజులు వాడితే పొటాషియం తగ్గి అదే పిక్కలు పట్టేస్తాయి. పట్టేశాయి కదా అని రోగి మరో పొట్లం వేసుకుంటాడు.

ఆపితే ఏమవుతుంది

చికిత్సలో మొదటిదీ ముఖ్యమైనదీ వేరును ఆపడం. పొటాషియం బాగా తగ్గితే ఆసుపత్రిలో గుండెను చూస్తూ పొటాషియం ఎక్కిస్తారు. కొందరికి ఆ తాళాన్నే మూసేసే స్పైరనోలాక్టోన్ ఇస్తారు. కొబ్బరినీళ్ళు, అరటిపళ్ళు తింటూ పొడి కూడా తాగుతామంటే కుదరదు, చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే. మందుల దుకాణంలో పొటాషియం సిరప్ సొంతంగా కొని తాగడం అంతకంటే తప్పు. కిడ్నీ సరిగా లేనివారికి అది ప్రాణాపాయం.

ఆపిన మర్నాడే అంతా సర్దుకోదు. ఎంజైమ్ తేరుకోవడానికి రెండు వారాల దాకా పట్టవచ్చు. అణగిపోయిన రెనిన్, ఆల్డోస్టిరోన్ మళ్ళీ మామూలు స్థాయికి రావడానికి కొందరిలో నెలలు పడుతుంది. అందుకే వేరు ఆపాక వారానికే బీపీ ఇంకా ఎక్కువగా ఉందని, కారణం అది కాదని తేల్చేయకూడదు. పొటాషియం పరీక్ష కూడా ఒకసారి చేసి వదిలేయకుండా, మళ్ళీ చేయించాలి.

రక్తపోటు, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవారు రోజువారీ అతిమధురం జోలికి పోకపోవడమే మంచిది. నీరు లాగే మాత్రలు, డిజాక్సిన్, స్టెరాయిడ్లు, తరచుగా విరేచన మందులు వాడేవారి సంగతీ అంతే. పొటాషియం తగ్గిన గుండె మీద డిజాక్సిన్ మామూలు మోతాదులోనే విషంలా పనిచేస్తుంది. గర్భిణులు ఎక్కువగా తినకూడదని ఫిన్లాండ్ ఆహార అధికారులు హెచ్చరించారు. తల్లి గర్భంలో ఉన్నప్పుడు ఎక్కువ అతిమధురం చేరిన పిల్లల ఎదుగుదలలో తేడాలు అక్కడి అధ్యయనాల్లో కనిపించాయి. ఈ కోవలో లేని ఆరోగ్యవంతులు దగ్గున్న నాలుగైదు రోజులు చిన్న ముక్క చప్పరిస్తే భయం లేదు.

తెలుగు ఇళ్ళల్లో మూలికను మందుగా లెక్కపెట్టే అలవాటు లేదు. ఏ మందులు వాడుతున్నారని డాక్టరు అడిగితే మాత్రల పట్టీలే చూపిస్తాం. బీపీ ఎందుకు పెరిగిందో తెలియడం లేదని ఆయన అన్నప్పుడు, వంటింట్లో ఉన్న ఆ పొడి డబ్బాను కూడా సంచిలో వేసుకుని వెళ్ళండి.